ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం అన్నాక

రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్లు దిగి బయటికి వస్తుంటే ఒకబ్బాయి ఎదురొచ్చి "నమస్తే సార్, గుర్తుపట్టారా?" అన్నాడు. ముఖం తెలిసినట్టే ఉంది, పేరు గుర్తు రావట్లేదు. నా ఇబ్బంది చూసి తనే చెప్పాడు. ఎనిమిది నెలల క్రితం మా టీమ్‌లో ఉద్యోగానికి వచ్చాడు, మూడు రౌండ్లు దాటాడు, ఆఖరి రౌండ్ నాతోనే. "ఒకటి అడగొచ్చా సార్? నేనింకా హోల్డ్‌లోనే ఉన్నానా?" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను, ఇంకేం చేయాలో తోచక.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి రిక్రూట్‌మెంట్ పోర్టల్ తెరిచి చూశాను. అతని పేరు పక్కన ఇంకా 'హోల్డ్' అనే ఉంది. ఆ ఉద్యోగంలో వేరే అతను చేరి అయిదు నెలలైంది. అంటే ఆ అబ్బాయి వేళాకోళం ఆడలేదన్నమాట, ఉన్న మాటే అడిగాడు.

మన ఇళ్ళల్లో పెళ్ళిచూపులయ్యాక "ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం" అనేవాళ్ళు. ఆ మాటకు అర్థమేంటో కాఫీ కప్పులు తీస్తున్న పిన్నికి కూడా తెలిసేది. ఉత్తరం వస్తే వచ్చినట్టు, రాకపోతే పోయినట్టు. మరీ అడిగితే "జాతకాలు కలవలేదండీ" అనేవాళ్ళు. ఆ జవాబులో ఎవరి తప్పూ ఉండదు, ఎవరికీ ఏమీ తెలియదు కూడా. హైటెక్ సిటీలో అద్దాల మేడలు కట్టుకుని మేం చేస్తున్నది కూడా అదే. "హెచ్‌ఆర్ మిమ్మల్ని కాంటాక్ట్ చేస్తారు" అంటాం, అదే ఉత్తరం రాస్తామనడం. "ప్రస్తుతానికి ఫిట్ కాలేదు" అంటాం, అదే జాతకాలు కలవకపోవడం.

మొదటి రౌండ్‌లో పోయినవాళ్ళ సంగతి నేను మాట్లాడటం లేదు. వందల రెజ్యూమేలు వచ్చేచోట అందరికీ ఒకే మూస మెయిల్ వెళ్ళినా నాకు పెద్ద అభ్యంతరం లేదు. నా మాటంతా ఆఖరి రౌండ్ దాకా వచ్చినవాళ్ళ గురించి. వాళ్ళు ముగ్గురో నలుగురో ఉంటారు. ఒక్కొక్కరూ మా కోసం అయిదారు గంటలు మాట్లాడి ఉంటారు, ఒక రోజు సెలవు పెట్టి ఉంటారు, ఇంట్లో చెప్పి ఉంటారు. వాళ్ళకి ఒక మనిషి రాసిన మెయిల్ వెళ్ళాలి, అందులో 'కాదు' అన్న మాట స్పష్టంగా ఉండాలి, ఎందుకు కాదో ఒక్క విషయమైనా పనికొచ్చేలా ఉండాలి. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. ఆ మెయిల్ రాయలేకపోతున్నామంటే మా ఇంటర్వ్యూలోనే ఏదో లోపం ఉందని నాకు ఈమధ్య బాగా తెలిసొచ్చింది.

ముందు మౌనం సంగతి చెప్పాలి. బయటివాళ్ళు అనుకుంటారు, హెచ్‌ఆర్ వాళ్ళకి బద్ధకమనో పొగరనో. చాలాసార్లు అసలు కారణం నోటీస్ పీరియడ్. మా రంగంలో చాలా కంపెనీల్లో అది 90 రోజులు. ఒకరికి ఆఫర్ ఇచ్చాం, ఒప్పుకున్నారు. కానీ చేరేది మూడు నెలల తర్వాత. ఈ మూడు నెలల్లో వాళ్ళ పాత కంపెనీ జీతం పెంచి ఆపుకోవచ్చు, లేదా మా ఆఫర్ చూపించి వాళ్ళు ఇంకోచోట ఎక్కువ అడగొచ్చు. చేరాల్సిన సోమవారం ఉదయం ఫోన్ స్విచాఫ్ వచ్చిన అనుభవం ఈ ఊళ్ళో ప్రతి మేనేజర్‌కీ ఉంటుంది. అందుకని రెండో స్థానంలో ఉన్న మనిషికి 'కాదు' అని చెప్పరు. 'బ్యాకప్' అంటారు. ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉందండీ" అంటారు. అలా నానబెడతారు.

మెట్రో స్టేషన్‌లో కలిసిన అబ్బాయి మా బ్యాకప్. ఆ మాట అతనికి ఎవరూ చెప్పలేదు. తర్వాత అతనే చెప్పాడు, మా జవాబు కోసం ఇంకో కంపెనీ ఆఫర్‌ని వారం వాయిదా వేయించాడట, రెండో వారం కూడా అడిగితే వాళ్ళు ఆఫర్ వెనక్కి తీసుకున్నారట. మాకు బ్యాకప్ ఖర్చు సున్నా. అతనికి ఒక ఉద్యోగం.

ఈ విషయం మీద మా హెచ్‌ఆర్ సహోద్యోగితో నాకు చాలాసార్లు వాదన జరిగింది. ఆవిడ వాదన తీసిపారేసేది కాదు. "నిజం చెబితే ఆయన వేరేచోట చేరిపోతారండీ. రేపు మన మొదటి మనిషి చెయ్యిస్తే మళ్ళీ మొదటినుంచి ఇంటర్వ్యూలు పెట్టేది మీరా నేనా?" అంటుంది. నిజమే. కానీ మౌనంగా ఉన్నా ఆయన చేరిపోతారు, కాకపోతే మన మీద కోపంతో చేరిపోతారు. నేను చెప్పేదల్లా రెండో మనిషికి ఉన్నదున్నట్టు చెప్పమని: "ఒకరికి ఆఫర్ ఇచ్చాం. వాళ్ళు సోమవారంలోగా చెబుతారు. వాళ్ళు కాదంటే తర్వాత మీరే. మంగళవారం మీకు ఏదో ఒకటి రాస్తాం. ఈలోగా మా కోసం వేరే ఆఫర్ ఏదీ వదులుకోకండి." సోమవారం వాళ్ళు ఒప్పుకుంటే మంగళవారం 'కాదు' అని రాసేయాలి. మూడు నెలల తర్వాత మొదటి మనిషి చెయ్యిస్తే అప్పుడు మళ్ళీ ఫోన్ చేసి, జరిగింది చెప్పి, ఇంకా ఆసక్తి ఉందా అని అడగొచ్చు. అడగడానికి సిగ్గెందుకు?

కెనడాలో ఒంటారియో ప్రావిన్స్ దీన్ని చట్టంలోనే పెట్టింది. 2026 జనవరి 1 నుంచి అక్కడ 25 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు, బహిరంగంగా ప్రకటించిన ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసినవాళ్ళకి 45 రోజుల్లోగా నియామక నిర్ణయం జరిగిందో లేదో తెలియజేయాలి. అది కూడా చాలా చిన్న కోరిక. కారణం చెప్పమని కాదు, నిర్ణయమైందో లేదో చెప్పమని. అంతమాత్రానికి చట్టం కావాల్సి వచ్చిందంటే ఈ జబ్బు మన ఊరిది మాత్రమే కాదని అర్థమవుతుంది.

ఇక మెయిల్ సంగతి. ఆ మెట్రో సంఘటన తర్వాత వచ్చిన ఉద్యోగానికి నేనే రాస్తానని పట్టుబట్టాను. ఆ ఉద్యోగం పేమెంట్ సర్వీసు చూసుకునే సీనియర్ ఇంజినీర్‌ది. ఆఖరి రౌండ్‌కి ముగ్గురొచ్చారు. వాళ్ళలో ఒకామె, ఏడేళ్ళ అనుభవం, ముందు రౌండ్లన్నీ బాగా చేసింది. మంగళవారం ఇంటర్వ్యూ, బుధవారం సాయంత్రం ప్యానెల్ కూర్చుంది, ఆమెకు 'కాదు' అని తేలింది. గురువారం మెయిల్ వెళ్ళాలి.

ఎందుకు కాదో కాస్త వివరంగా చెప్పాలి, లేకపోతే మెయిల్‌లో ఆ వాక్యాలు ఎందుకున్నాయో అర్థం కాదు. ప్రశ్న ఇది. కస్టమర్ 'పే' నొక్కాడు. మన సర్వర్ పేమెంట్ గేట్‌వేని డబ్బు తీసుకోమని అడిగింది. పది సెకన్లయినా జవాబు లేదు. ఇప్పుడేం చేస్తారు? కిరాణా కొట్టు ముందు ఫోన్ పట్టుకుని "కట్ అయ్యాయి భయ్యా, నీకు రాలేదా?" అని నిలబడ్డ ప్రతివాడికీ ఈ ప్రశ్న తెలుసు. డబ్బు పోయిందో లేదో ఎవరికీ తెలియని స్థితి అది. మళ్ళీ అడిగితే రెండుసార్లు కట్ కావచ్చు. ఊరుకుంటే డబ్బు పోయి ఆర్డర్ రాకపోవచ్చు. మంచి జవాబు ఏంటంటే, అడగకముందే 'పెండింగ్' అని మన దగ్గర రాసిపెట్టుకోవాలి, ఒక్కో ఆర్డర్‌కీ దానికంటూ వేరే గుర్తు పెట్టి అది మార్చకుండా పంపాలి, ఎన్నిసార్లు అడిగినా అది పాత అడుగుడే అని గేట్‌వేకి తెలియాలి, జవాబు రాకపోతే మళ్ళీ డబ్బు అడక్కుండా ముందు పాతదాని స్థితి కనుక్కోవాలి.

ఆమె "మూడుసార్లు రీట్రై చేస్తాను" అంది. మొదటిసారే డబ్బు పోయి ఉంటే? అని అడిగితే "గేట్‌వే చూసుకుంటుంది" అంది. రెండోసారి గుచ్చి అడిగాక ఆర్డర్ నంబర్ పంపాలన్న దగ్గరికి వచ్చింది. పెండింగ్ మాట రాలేదు. అర్ధరాత్రి ఈ సర్వీసు పడిపోతే లేచి చూడాల్సింది ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్ళే, పక్కన గుచ్చి అడిగేవాళ్ళు ఉండరు. అందుకని కాదన్నాం.

హెచ్‌ఆర్ మూసలో ఉన్నది ఇది: మీ ప్రొఫైల్ మమ్మల్ని ఎంతో ఆకట్టుకుంది, ఎంతోమంది అర్హులు దరఖాస్తు చేసుకున్నారు, దురదృష్టవశాత్తూ కఠిన నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది, మీ వివరాలు భద్రపరుస్తాం. ఒక్క వాక్యం కూడా ఆమె గురించి కాదు. పైగా 'ఎంతోమంది' అబద్ధం, ఆఖర్లో ఉన్నది ముగ్గురు. ఇందులో పనికొచ్చే మాట ఒక్కటే, 'దురదృష్టవశాత్తూ'. అందరూ వెతుక్కునేది దానికోసమే, అది కనబడగానే మిగతాది చదవరు.

నేను రాసిన మొదటి చిత్తు ఇంకా ఘోరం. తొమ్మిది పాయింట్లు. డేటాబేస్ ఎంపిక, లాగింగ్, మధ్యలో మాట ఆగిపోవడం, ఆఖరికి "కాన్ఫిడెన్స్ పెంచుకోవాలి" అని కూడా రాశాను. సహాయం చేస్తున్నాననుకున్నాను. మర్నాడు చదివితే ఫెయిలైన పిల్లకి ప్రోగ్రెస్ కార్డు రాసినట్టుంది. అందులో మా నిర్ణయాన్ని మార్చింది ఒక్కటే. మిగతా ఎనిమిదీ లేకపోయినా మేం కాదనేవాళ్ళమే, ఆ ఒక్కటి లేకపోతే తీసుకునేవాళ్ళం. అప్పుడు దొరికింది కొలత: నిర్ణయాన్ని మార్చిన విషయమే రాయాలి, మిగతాది కొట్టేయాలి.

చివరికి వెళ్ళింది ఇంగ్లీషులోనే, మా ఊరి ఆఫీసుల్లో మెయిల్ అంటే అదే కదా. సారాన్ని తెలుగులో పెడుతున్నాను.

"నమస్తే అండీ. మంగళవారం మీతో మాట్లాడిన ప్యానెల్ తరఫున రాస్తున్నాను. పేమెంట్ సర్వీసు ఉద్యోగానికి మిమ్మల్ని తీసుకోవడం లేదు. నిర్ణయం నిన్న సాయంత్రం జరిగింది, ఇది తుది నిర్ణయం.

కారణం ఒక్కటే. గేట్‌వే నుంచి జవాబు రాని సందర్భంలో మీరు రీట్రైతో మొదలుపెట్టారు. డబ్బు రెండుసార్లు కట్ కాకుండా ఎలా ఆపాలన్నది మేం రెండుసార్లు అడిగాక వచ్చింది, పెండింగ్ స్థితిని ముందే రాసిపెట్టుకోవడం చర్చలోకి రాలేదు. ఈ ఉద్యోగంలో రోజువారీ పని అదే కాబట్టి దానికి ఎక్కువ విలువిచ్చాం. ఇలాంటి ప్రశ్న మళ్ళీ వస్తే, విజయం, వైఫల్యం కాక మూడోది 'తెలియదు' అనే స్థితి ఉందని ముందే చెప్పి అక్కణ్ణుంచి మొదలుపెడితే మీకు మేలు జరుగుతుందని నా అభిప్రాయం.

పాత సిస్టమ్‌ని ఆపకుండా కొత్తదానికి మార్చిన మీ అనుభవం మా అందరికీ నచ్చింది, ముఖ్యంగా వెనక్కి వెళ్ళే దారి ముందే సిద్ధం చేసుకున్న తీరు. ఇది మా ఒక్క గంట సంభాషణ మీద అభిప్రాయం మాత్రమే. ఏదైనా అడగాలనుకుంటే ఈ మెయిల్‌కే జవాబివ్వండి, నాకే వస్తుంది. మీ సమయానికి కృతజ్ఞతలు."

సబ్జెక్ట్ లైన్‌లో 'అప్‌డేట్' అని పెట్టలేదు, 'ఇంటర్వ్యూ నిర్ణయం' అని ఉద్యోగం పేరుతో పెట్టాను. 'కాదు' అన్న వాక్యం రెండోది. అంతకన్నా కిందికి నెడితే చదివేవాళ్ళు పొగడ్తలన్నీ ఊపిరి బిగబట్టి చదవాలి, తర్వాత ఆ పొగడ్తలు కూడా మోసంలా కనిపిస్తాయి. అందుకే మెచ్చుకోలు కారణం తర్వాత వచ్చింది, అది కూడా ఫలానా పని అని చెప్పి. ఎంపికైన వ్యక్తి గురించి ఒక్క ముక్క లేదు. 'ఆరునెలల తర్వాత మళ్ళీ రండి' అని రాయలేదు, అప్పటికి ఖాళీ ఉంటుందో లేదో నాకే తెలియనప్పుడు ఆశ పెట్టడం ఎందుకు?

ఫోన్ చేయడం ఇంకా మర్యాద కదా అని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఉద్యోగం వెతుక్కుంటున్న మనిషి పగలు ఎక్కడుంటారు? పాత ఆఫీసులో, నలుగురి మధ్యలో. రిక్రూటర్ నంబర్ కనబడగానే గుండె దడదడలాడుతూ మెట్ల దగ్గరికి పరిగెత్తుతారు, ఆఫరేమో అనుకుని. అక్కడ నిలబడి 'కాదు' అని విని, "పర్లేదండీ, థాంక్యూ" అని, ముఖం సర్దుకుని సీటుకి రావాలి. మెయిలైతే ఎప్పుడు చదవాలో వాళ్ళిష్టం. మాట్లాడాలనుకుంటే వాళ్ళే అడుగుతారు.

హెచ్‌ఆర్‌కి ఇంకో భయం ఉంది, లీగల్. "రాతపూర్వకంగా కారణం ఇస్తే రేపు దాన్నే పట్టుకుంటారు" అంటారు. భయపడాల్సిన మాటలు ఉన్న మాట నిజం. నియామకంలో వైకల్యం ఆధారంగా వివక్ష చూపితే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలో 2019 చట్టం ఉంది, ఆడా మగా తేడా చూపకూడదన్నది అంతకన్నా పాత సంగతి. 'పిల్లలు చిన్నవాళ్ళు కదా, నైట్ షిఫ్ట్ కష్టమేమో' అని ప్యానెల్‌లో ఎవరైనా అంటే, అది మెయిల్‌లో రాయకపోవడం పరిష్కారం కాదు. ఆ మాట మీద నిర్ణయం జరగకపోవడం పరిష్కారం. మెయిల్‌లో రాయలేని కారణంతో మనిషిని కాదన్నామంటే తప్పు మెయిల్‌ది కాదు. ఉద్యోగ ప్రకటనలో అడిగిన పని, ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు, ఈ మూడూ కలిసే చోట నిలబడి రాస్తే భయం చాలావరకు పోతుంది. 'కమ్యూనికేషన్', 'యాటిట్యూడ్', 'కల్చర్' లాంటి మాటలే ప్రమాదం, వాటికి ఎవరికి తోచిన అర్థం వాళ్ళు తీసుకుంటారు. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లవాడికి 'కమ్యూనికేషన్' అని రాస్తే తన ఇంగ్లీషునే అన్నారనుకుంటాడు, కొన్నిసార్లు మనం అన్నదీ అదే.

మరుసటి రోజు ఆమె నుంచి జవాబు వచ్చింది. కృతజ్ఞతలు చెప్పి, ఒక విషయం సరిచేసింది. "ప్రశ్న మొదట్లో మీ ప్యానెల్‌లో ఒకరు, డూప్లికేట్ల సంగతి గేట్‌వే చూసుకుంటుందని అనుకోమన్నారు. అందుకే నేను అలా చెప్పాను."

నాకు గుర్తులేదు. ప్యానెల్‌లో పక్కన కూర్చుని నేర్చుకుంటున్న జూనియర్ నోట్సు తెప్పించి చూశాను. ఆ వాక్యం ఉంది. అన్నది నేనే.

సమయం తక్కువని సులువు చేయబోయి నేనే ఆ మాటనేసి, తర్వాత మర్చిపోయి, అదే విషయం మీద గుచ్చి గుచ్చి అడిగాను. హెచ్‌ఆర్ సహోద్యోగి నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. "చూశారా, అందుకే ఫీడ్‌బ్యాక్ వద్దనేది" అంది. నాకు సరిగ్గా ఉల్టా అనిపించింది. మూస మెయిల్ పంపి ఉంటే ఈ తప్పు ఎవరికీ తెలిసేది కాదు, అదే ప్రశ్న అదే తప్పుతో ఇంకెంతమందిని అడిగేవాణ్ణో.

ప్యానెల్‌ని మళ్ళీ కూర్చోబెట్టాను. ఆ ముక్క తీసేసి చూసినా పెండింగ్ విషయంలో మా అభిప్రాయం మారలేదు, ముగ్గురిలో ఇద్దరికి. మూడో ఆయన ఊగిసలాడాడు. ఈలోగా ఆఫర్ తీసుకున్నతను సంతకం పెట్టేశాడు. ఆమెకు ఉన్నదున్నట్టు రాశాను: ఆ మాట అన్నది నేనే, ఆ భాగం వెనక్కి తీసుకుంటున్నాను, పెండింగ్ గురించి రాసింది అలాగే ఉంది, నిర్ణయం మారదు, ప్రశ్న మాత్రం మార్చాం. ఆ తర్వాత ఆమె ఏమీ రాయలేదు. రాయాల్సిన అవసరమూ లేదు. ఇప్పటికీ ఆ నిర్ణయం పూర్తిగా సరైనదేనని నేను గట్టిగా చెప్పలేను.

అందరూ ఇంత మర్యాదగా రాయరు. ఒకాయన మూడు పేజీలు వాదించాడు, నా అనుభవమెంతో అడిగాడు. అలాంటప్పుడు నేను ఒక్కసారే జవాబిస్తాను. వాస్తవం తప్పని చూపిస్తే నోట్సు తీసి చూస్తాను, అభిప్రాయం తప్పంటే "మీరు చెప్పింది చదివాను, నిర్ణయం మారదు" అని రాసి ఆపేస్తాను. ఇప్పటిదాకా నేను రాసినవాటిలో అలా వచ్చింది ఆ ఒక్కటే.

మెట్రో స్టేషన్ అబ్బాయికైతే అతను కలిసిన రాత్రే రాద్దామని కూర్చున్నాను. అతని స్కోర్‌కార్డులు తెరిచాను. నాలుగు రౌండ్లవీ కలిపి ఉన్నది ఇంతే: 'గుడ్', 'స్ట్రాంగ్', 'ఓకే, హైర్', నాలుగోది నాది, 'స్ట్రాంగ్, హోల్డ్'. ఏం అడిగామో లేదు, ఏం చెప్పాడో లేదు. అతన్ని రెండో స్థానంలో ఎందుకు పెట్టానో నాకే తెలియదు. ఆ రోజునుంచి మా టీమ్‌లో, ఇంటర్వ్యూ అయిన రోజే అభ్యర్థి చెప్పిన మాట ఒక్కటైనా రాయకుండా స్కోర్ వేస్తే నేను ప్యానెల్ మీటింగ్ మొదలుపెట్టను. దీనికి మావాళ్ళు విసుక్కుంటున్నారు, అది వేరే సంగతి.

చెప్పడానికి ఫీడ్‌బ్యాక్ లేదు కాబట్టి అదే రాశాను. ఆ ఉద్యోగంలో వేరొకరు చేరి అయిదు నెలలైందని, అతన్ని బ్యాకప్‌గా ఉంచి ఆ మాట చెప్పకపోవడం మా తప్పని, ఎందుకు ఎంపిక కాలేదో చెప్పడానికి నా నోట్సులో ఏమీ లేదని, ఊహించి రాయడం ఇష్టంలేదని. పోర్టల్‌లో స్టేటస్ కూడా మార్పించాను. పదకొండు గంటలకి పంపితే పది నిమిషాల్లో జవాబొచ్చింది.

"థాంక్యూ సార్. ఇప్పుడే పోర్టల్ నుంచి కూడా మెయిల్ వచ్చింది. మీ ప్రొఫైల్ మమ్మల్ని ఎంతో ఆకట్టుకుంది అట."